పుండు నొప్పి పెట్టలేదు, రిపోర్టు నెగెటివ్ వచ్చింది

కావలిలో మా క్లినిక్‌కి రాత్రి పూట వచ్చే మగవాళ్ళలో ఒక రకం ఉంటారు. టోకెన్ తీసుకుంటారు గానీ నంబరు పిలిస్తే లేవరు. "వాళ్ళని చూడమనండి, నాకేం తొందర లేదు" అంటూ బల్ల చివరికి జరుగుతారు. అందరూ వెళ్ళిపోయి మా కాంపౌండరు చీపురు అందుకున్నాక లోపలికొస్తారు. చర్మవ్యాధులూ సుఖవ్యాధులూ చూసే డాక్టర్ని కాబట్టి, అలా కూర్చున్న మనిషికి గజ్జి ఉండదని నాకు ముందే తెలుస్తుంది.

ఈ కేసులోని అతనికి ముప్పై ఒక్కేళ్ళు. రొయ్యల మేత అమ్మే పని మీద గుంటల వెంబడి బైకు మీద తిరుగుతుంటాడు. ఊరూ పేరూ తెలిసే ఆనవాళ్ళన్నీ మార్చి రాస్తున్నాను. రోజుల లెక్క మాత్రం మార్చలేదు, ఈ కేసంతా ఆ లెక్కలోనే ఉంది.

కూర్చోగానే అన్నమాట: "వేడి చేసింది సార్. ఒంటికి పోసేటప్పుడు మంట. ఇప్పుడు తగ్గిందిలే. ఇంకో చిన్న పుండు లేచింది, అది నొప్పి కూడా లేదు. ఒకసారి చూపిచ్చుకుందామని."

మన వైపు మూత్రంలో మంటంటే ముందు వేడే. బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, కొబ్బరి బోండాం వరసగా దిగుతాయి. ఎండాకాలం గుంట గట్ల మీద తిరిగేవాళ్ళకు నీళ్ళు చాలక మంట రావడం అబద్ధమేమీ కాదు. కానీ వేడికి లోదుస్తుల మీద పసుపు మరకలు పడవు. అందుకే నేను మంట గురించి అడగను, మరక గురించి అడుగుతాను. "బట్ట మీద ఏమైనా అంటుకుందా?" అంటే తల దించుకున్నాడు.

అప్పుడు చెప్పాడు. కంపెనీ మీటింగని చెన్నై వెళ్ళిన శనివారం రాత్రి, తెలియని మనిషితో కలిశాడు. కండోమ్ మొదట్లో లేదు, మధ్యలో వేసుకున్నాడు. నోటితో కూడా జరిగింది. ఈ వివరాలు అడిగితే కొందరు నొచ్చుకుంటారు, అయినా అడగాలి. జబ్బు ఎక్కడ చేరి ఉంటుందో, ఏ నమూనా తీయాలో దీన్నిబట్టే తేలుతుంది. మధ్యలో వేసుకున్న కండోమ్‌ను నేను కండోమ్ కింద లెక్క కట్టను.

ఆ శనివారాన్ని సున్నా రోజు అనుకుందాం.

రోజుల లెక్క

నాలుగో రోజు మంట మొదలైంది. అయిదో రోజుకి చిక్కటి పసుపు చీము. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి వెళితే అయిదు రోజులకు సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలిచ్చి, ఒక జెంటామైసిన్ సూది వేశాడు. చీము చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. పొద్దున లేవగానే మొదటిసారి వెళ్ళే ముందు చివరన ఒక చుక్క తెల్లగా నిలుస్తూనే ఉంది. దాన్నతను పట్టించుకోలేదు.

పదో రోజు భయం పుట్టి ఒక ల్యాబులో "ఎస్టీడీ ప్యాకేజీ" చేయించుకున్నాడు. హెచ్ఐవీ నెగెటివ్. సిఫిలిస్‌కి చేసే వీడీఆర్ఎల్ నాన్ రియాక్టివ్, అంటే నెగెటివే. హెపటైటిస్ బి నెగెటివ్. హెర్పిస్ ఐజీజీ మాత్రం పాజిటివ్ అని ఎర్ర అక్షరాలతో వచ్చింది. దానికి మూడు రాత్రులు నిద్రపోలేదట. పెదవుల మీద "జ్వరం పొక్కులు" తెచ్చే హెర్పిస్ చిన్నప్పుడే సోకి, ఈ టెస్టు పాజిటివ్‌గా చూపించే పెద్దవాళ్ళు లెక్కలేనంతమంది ఉంటారు. పొక్కులు లేని మనిషికి ఆ టెస్టు చేయడమే దండగ. భయపడనక్కర్లేని దానికి భయపడ్డాడు, నమ్మకూడని నెగెటివ్‌ను నమ్మాడు. ఇంత డబ్బు పెట్టిన ప్యాకేజీలో చీము కారిన జబ్బుకి పనికొచ్చే టెస్టు ఒక్కటీ లేదు. అక్కడ తీసింది రక్తం. చీము జబ్బు రక్తంలో దొరకదు.

పదిహేనో రోజుకి బాగైపోయానని అనుకుని భార్యతో కలిశాడు. ఆమెకి అయిదో నెల.

ఇరవై రెండో రోజు అంగం మీద, ముందు తోలు కింద చిన్న పుండు కనబడింది. ప్యాంటు జిప్పు గీసుకుందేమో అనుకున్నాడు. నొప్పి లేదు, చీము లేదు. ఇరవై నాలుగో రోజు మళ్ళీ భార్యతో కలిశాడు. ఇరవై ఏడో రోజు నా దగ్గరికొచ్చాడు, అదీ పుండు మానలేదని కాదు. గజ్జల్లో రెండు వైపులా బిళ్ళలు కట్టాయని.

చూసినప్పుడు

గ్లవుజు వేసుకుని లైటు దగ్గరికి జరిపి చూశాను. ఒకటే పుండు, గోరంత వెడల్పు. అడుగు శుభ్రంగా, మాంసం రంగులో మెరుస్తోంది, అంచులు గుండ్రం. రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే, చొక్కా గుండీని గుడ్డ మీంచి పట్టుకున్నట్టు గట్టిగా తగిలింది. నొక్కినా అతను ఉలిక్కిపడలేదు. గజ్జల్లో బిళ్ళలు రబ్బరు ముక్కల్లా జారుతున్నాయి, వాటికీ నొప్పి లేదు.

మనిషికి నొప్పి భయం నేర్పుతుంది. అందుకే హెర్పిస్ వచ్చినవాడు రెండో రోజే పరుగెత్తుకొస్తాడు. చిన్న చిన్న పొక్కులు గుంపుగా లేచి పగిలి భగ్గుమని మండుతాయి. నొప్పిలేని ఒంటరి గట్టి పుండు సిఫిలిస్‌ది, పెద్దవాళ్ళు సవాయి అనేవాళ్ళే, అది. అది మందు వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానిపోతుంది. మానిందని సంతోషపడితే, కొన్ని వారాలకు అరిచేతుల్లో, అరికాళ్ళలో దురద లేని ఎర్ర మచ్చలతో తిరిగొస్తుంది. అప్పుడు దాన్ని ఎవరూ ఆ పాత పుండుతో ముడిపెట్టరు, మేత పడలేదనో ఎండ దెబ్బనో అంటారు.

సిఫిలిస్ పుండు కలిసిన తరవాత పది రోజుల నుంచి తొంభై రోజుల్లోపు ఎప్పుడైనా రావచ్చు, ఎక్కువమందికి మూడు వారాలకు అటూ ఇటూ. ఇతనికి ఇరవై రెండో రోజు. సెగ జబ్బు, అంటే గనేరియా, రెండు నుంచి ఏడు రోజుల్లో బయటపడుతుంది. ఇతనికి నాలుగో రోజు. క్లమీడియా ఒకటి నుంచి మూడు వారాలు తీసుకుంటుంది, చాలామంది మగవాళ్ళకు అసలు ఏమీ కనబడదు. ఒకే రాత్రి సోకినా ఒక్కో జబ్బు తన గడియారం ప్రకారం నడుస్తుంది. ముందు కనబడిన దానికి మందు పడగానే అన్నీ పోయాయనుకోవడం ఇతను చేసిన తప్పు. ఆర్ఎంపీ ఇచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్‌కూ జెంటామైసిన్‌కూ సిఫిలిస్ క్రిమి లొంగదు. సెగ క్రిమి సిప్రోకు లొంగే రోజులు మన దేశంలో పోయి చాలాకాలమైంది. కాబట్టి రెండో జబ్బు లోపల పెరుగుతూనే ఉంది, మొదటిది సగం చచ్చి సగం బతికి ఉంది.

ఆ సగం బతికినదాన్ని పట్టుకోవడానికి కొంచెం అవస్థ పడ్డాం. చీము చుక్క కోసం మూత్రనాళాన్ని మొదట్నుంచి చివరకు నెమ్మదిగా నొక్కాను, ఏమీ రాలేదు. అడిగితే బయట కూర్చున్న గంటన్నరలో రెండుసార్లు బాత్రూముకు పోయొచ్చానన్నాడు. భయంతో వచ్చిన ప్రతివాడూ అదే చేస్తాడు, నాళం కడుక్కుపోతుంది. టెస్టుకి ముందు కనీసం రెండు గంటలు పోయకుండా ఆపుకోవాలి. నీళ్ళు తాగొద్దని చెప్పి అక్కడే కూర్చోబెట్టాం. మా కాంపౌండరు చీపురు పక్కన పెట్టి, ముఖం పక్కకి తిప్పుకుని టీవీ చూశాడు. రెండు గంటల తరవాత సన్న పుల్లతో నాళం లోపలి నుంచి కొంచెం తీసి గాజు పలక మీద రాశాం. తరవాత మొదట వచ్చే మూత్రం మాత్రమే, ఇరవై ముప్పై మిల్లీలీటర్లు, డబ్బాలో పట్టించాం. మామూలు మూత్ర పరీక్షకి మధ్యధార పట్టమంటారు, దీనికి మొదటి ధార కావాలి. ఇది ల్యాబు కుర్రాళ్ళు కూడా తారుమారు చేస్తుంటారు.

పలక మీద చీముకణాలు కనబడ్డాయి, క్రిమి కనబడలేదు. మూత్రం, క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే న్యాట్ పరీక్షకి చెన్నై ల్యాబుకి కొరియర్‌లో పోయింది. రక్తం వీడీఆర్ఎల్‌కి, సిఫిలిస్‌కే చేసే ఇంకో టెస్టు టీపీహెచ్ఏకి, నాలుగో తరం హెచ్ఐవీ టెస్టుకి తీశాం.

మళ్ళీ నెగెటివ్

వీడీఆర్ఎల్ మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. నాన్ రియాక్టివ్. ఫోటో తీసి నాకు వాట్సాప్ చేశాడు, కింద దండం పెట్టే బొమ్మ. "థాంక్యూ సార్, ఏం లేదు."

కళ్ళెదుట పుండు ఉండగా రక్తం లేదంటోంది. ఇందులో వింతేమీ లేదు. వీడీఆర్ఎల్ క్రిమిని చూడదు, దాని మీద ఒళ్ళు తయారుచేసే ప్రతిరక్షకాలను చూస్తుంది. అవి పుండు లేచిన ఒకటి నుంచి నాలుగు వారాలకు గానీ చాలినంత తేలవు. అతని పుండు వయసు అప్పటికి అయిదు రోజులు. పదో రోజు చేసిన టెస్టు సంగతి సరేసరి, అప్పటికి పుండే లేదు. ఆ టెస్టు చెన్నై రాత్రి గురించి ఏమీ చెప్పలేదు, అంతకు ముందు అతను బాగున్నాడని మాత్రం చెప్పింది.

అందుకే నేను రిపోర్టు కోసం ఆగలేదు. చూసిన రాత్రే మందు వేశాను. పెనిసిలిన్ ఎప్పుడైనా పడలేదా అని అడిగి, చర్మం కింద పరీక్ష డోసు వేసి అరగంట చూసి, బెంజథిన్ పెనిసిలిన్ 24 లక్షల యూనిట్లు, రెండు వయల్స్, ఒక్కో పిరుదుకి పన్నెండు లక్షల చొప్పున. ఈ మందు పాలలా చిక్కగా ఉంటుంది, సన్న సూదిలో ఇరుక్కుంటుంది. లావు సూదితో నెమ్మదిగా తోయాలి. నొప్పి ఎక్కువ. పెనిసిలిన్ అంటే భయం వల్ల చాలాచోట్ల ఇది వేయరు, మందుల షాపుల్లో తేలిగ్గా దొరకదు. అందుకే ఫ్రిజ్‌లో నాలుగు వయల్స్ ఎప్పుడూ పెట్టుకుంటాను. చీము జబ్బుకి సెఫ్ట్రియాక్సోన్ 500 మిల్లీగ్రాములు సూది, దానితో క్లమీడియా కూడా ఉంటే పోవడానికి అజిత్రోమైసిన్ ఒక గ్రాము అక్కడే మింగించాను. ప్రభుత్వాసుపత్రి సురక్ష క్లినిక్‌లలో ఇదే పని బూడిద రంగు కిట్టూ తెల్ల కిట్టూ చేస్తాయి. బూడిద రంగు కిట్టులో సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, అజిత్రోమైసిన్ ఒక గ్రాము ఉంటాయి. తెల్ల కిట్టు పుండుకి, అందులో ఇదే పెనిసిలిన్. డబ్బు తీసుకోరు. డబ్బు లేనివాళ్ళను నేను నెల్లూరు పెద్దాసుపత్రికో ఒంగోలుకో అక్కడికే పంపుతాను.

తెల్లవారుజామున నాలుగింటికి ఫోను. "సార్, చలి జ్వరం. ఒళ్ళంతా నొప్పులు. సూది పడలేదేమో." దద్దుర్లున్నాయా, ఊపిరాడుతోందా అని అడిగాను. లేవు, ఆడుతోంది. పెనిసిలిన్ దెబ్బకి క్రిములు ఒక్కసారిగా చచ్చి విచ్చిపోయేటప్పుడు కొన్ని గంటల్లో ఇలా జ్వరం వస్తుంది, ఒక రోజులో పోతుంది. పారాసెటమాల్ వేసుకుని పడుకోమన్నాను. ఇది ముందే చెప్పి పంపాల్సింది. ఆ రాత్రి ఆలస్యమైపోయి చెప్పడం మరిచాను, తప్పు నాదే.

మందు వేసిన మూడో రోజు టీపీహెచ్ఏ వచ్చింది, పాజిటివ్. కొందరిలో అది వీడీఆర్ఎల్ కంటే ముందే తేలుతుంది. న్యాట్‌లో గనేరియా ఉంది, క్లమీడియా లేదు. వారం తరవాత మళ్ళీ తీసిన వీడీఆర్ఎల్ ఒకటికి నాలుగు రియాక్టివ్. అప్పుడు గానీ అతను వాట్సాప్‌లో పెట్టిన దండాన్ని వెనక్కి తీసుకోలేదు.

మా ఆవిడకి చెప్పొద్దు సార్

మందు వేసిన రెండో రోజు పిలిపించి కూర్చోబెట్టాను. అతను ముందే సిద్ధపడి వచ్చాడు.

"ఆమెకేమీ లేదు సార్. మూడో నెల్లో పీహెచ్‌సీలో అన్నీ చేశారు. హెచ్ఐవీ, సిఫిలిస్ రెండూ నెగెటివని కార్డులో రాసుండాది."

"ఆ కార్డు రాసేటప్పటికి నువ్వు చెన్నై పోయావా?"

కాసేపు మాట్లాడలేదు. "లేదు సార్. తర్వాత."

మూడో నెల టెస్టు మూడో నెల వరకే. కడుపులో బిడ్డకి సిఫిలిస్ సోకితే గర్భం పోవచ్చు, బిడ్డ చనిపోయి పుట్టచ్చు, పుట్టినా జబ్బుతో పుట్టచ్చు. పుండు ఉండగా ఒకసారి కలిశాడు. అంతకు ముందు చీము చుక్క ఉండగా ఒకసారి. ఆమె రక్తం ఇవాళ తీస్తే నెగెటివ్ వచ్చే అవకాశమే ఎక్కువ, అతనికి వచ్చినట్టే. కాబట్టి పుండు ఉన్న మనిషితో గడచిన మూడు నెలల్లో కలిసినవాళ్ళకి టెస్టు ఎలా ఉన్నా మందు వేసేస్తాం. బెంజథిన్ పెనిసిలిన్ గర్భిణులకు ఇవ్వదగ్గ మందే, సిఫిలిస్ నుంచి బిడ్డను కాపాడేదీ అదే. సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ కూడా ఇవ్వచ్చు. డాక్సీసైక్లిన్ మాత్రం గర్భిణికి ఇవ్వకూడదు.

"బలానికి సూది అని చెప్పి వేసేయండి సార్" అన్నాడు. ఇలా అడిగేవాళ్ళు చాలామంది. నేను ఒప్పుకోను. ఏ సూది ఎందుకో తెలియకుండా ఒక మనిషికి వేయడం ఒక ఎత్తు. ఇంకో ఎత్తు ఏమిటంటే, ఏడో నెలలో రక్తం మళ్ళీ తీయాలి, కాన్పప్పుడు తీయాలి, బిడ్డను చూసే డాక్టరుకి తెలియాలి. బలం సూది అని చెప్తే ఇవన్నీ ఎలా జరుగుతాయి? అతని విషయం నా నోటితో ఆమెకి చెప్పనని మాటిచ్చాను. నువ్వు చెప్పు, లేదా ఇక్కడ నా ముందు చెప్పు, కానీ ఎల్లుండి దాటొద్దు అన్నాను.

ఎల్లుండి ఇద్దరూ వచ్చారు. అతను ఇంటి దగ్గరే చెప్పేసినట్టున్నాడు, ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నన్ను ఒకటే అడిగింది: "బిడ్డకేం కాదు గదా సార్?" వారంగా తెల్లబట్ట ఎక్కువవుతోందని, కడుపుతో ఉన్నప్పుడు మామూలేగా అనుకున్నానని చెప్పింది. ఆడవాళ్ళలో గనేరియా ఇలాగే దాక్కుంటుంది. పరీక్షించిన నమూనాలో అదే తేలింది. సిఫిలిస్ టెస్టులు రెండూ నెగెటివ్. రెండు మందులూ వేశాం, ఆమె చూపించుకునే గైనిక్ డాక్టరుకి ఆమె అనుమతితో ఉత్తరం రాశాను. ఇద్దరికీ మందు పడిన రోజు నుంచి ఏడు రోజులు, అతని పుండు పూర్తిగా మానేదాకా, కలవొద్దని చెబుతుంటే ఆమె నవ్వింది. ఏ రకం నవ్వో నేను రాయలేను.

చీటీ వెనక తేదీలు

కలిసిన తరవాత టెస్టుకి ఎప్పుడు రావాలని అడిగేవాళ్ళకి నేను ప్రిస్క్రిప్షన్ వెనక తేదీలు రాసిస్తాను. లక్షణం ఉంటే ఆ రోజే రావాలి, లెక్కలు చూసుకోకూడదు. చీము, పుండు, పొక్కులు, గజ్జల్లో బిళ్ళలు, మలద్వారం నుంచి జిగురు, అరిచేతుల్లో మచ్చలు, ఇవన్నీ ఆ కోవే. ఒక పక్క వృషణం వాచి నొప్పి పెట్టినా అంతే. అయితే ఆ నొప్పి గంటల్లో ఉన్నట్టుండి పుట్టి వాంతి వచ్చేలా ఉంటే నా దగ్గరికి కాదు, సర్జన్ దగ్గరికి పరుగెత్తాలి. అది తిత్తిలో మెలి పడటం కావచ్చు, ఆరు గంటలు దాటితే వృషణం దక్కడం కష్టమవుతుంది.

లక్షణం ఏమీ లేకుండా భయం మాత్రమే ఉంటే మొదటి లెక్క 72 గంటలు. ఆలోగా వస్తే హెచ్ఐవీ రాకుండా 28 రోజులు వాడే మాత్రలున్నాయి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఇతను ఆ మూడు రోజుల్లో రాలేదు, కాబట్టి ఆ తలుపు మూసుకుపోయింది. తరవాతి తేదీ రెండు వారాలకు. మొదటి ధార మూత్రంతో గనేరియా, క్లమీడియా న్యాట్ అప్పటికి నమ్మదగ్గది. నోటితో జరిగిన దాంట్లో గొంతు వంతు ఉంటే అక్కడి నుంచీ పుల్లతో తీయాలి, ఆ జబ్బు గొంతులో ఏ లక్షణమూ లేకుండా కూర్చుంటుంది. ఆరు వారాలు దాటాక, ఖచ్చితంగా చెప్పాలంటే 45 రోజులకి, రక్తనాళం నుంచి తీసి ల్యాబులో చేసే నాలుగో తరం హెచ్ఐవీ టెస్టు. చివరి తేదీ మూడు నెలలకి. ప్రభుత్వ హెచ్ఐవీ పరీక్షా కేంద్రమైన ఐసీటీసీలో వేలి చుక్కతో చేసే హెచ్ఐవీ టెస్టు అప్పుడు నెగెటివ్ అయితే దాన్ని నమ్మి నిద్రపోవచ్చు. సిఫిలిస్ గడువూ 90 రోజులు కాబట్టి వీడీఆర్ఎల్ కూడా ఆ రోజే చివరిసారి. ఐసీటీసీలో ఫలితం బయటపెట్టరు, పెట్టకూడదని 2017 హెచ్ఐవీ చట్టం ఉంది. ఎక్కడుందో తెలియకపోతే 1097కి ఫోను చేస్తే చెబుతారు.

ఇతని హెచ్ఐవీ ఇరవై ఏడో రోజు నెగెటివ్, అది ఊరట మాత్రమే. నలభై ఎనిమిదో రోజు నెగెటివ్. తొంభై రెండో రోజు నెగెటివ్. పుండు ఉన్న చోట హెచ్ఐవీ తేలిగ్గా దూరుతుంది, అందుకే ఆ మూడో టెస్టు వదలనివ్వలేదు. న్యాట్ మాత్రం మందు వేసిన మూడు వారాల్లోపు మళ్ళీ చేయించలేదు. చచ్చిన క్రిమి తునకలు కూడా అందులో పాజిటివ్ చూపిస్తాయి.

ఇవేవీ కాని వాటికీ చాలామంది వస్తారు. అంగం తల అంచు చుట్టూ వరసగా ముత్యాల్లా చిన్న బొడిపెలుంటే అవి వయసొచ్చాక సహజంగా లేచేవే, ఎవరినుంచీ సోకవు. వాటిని సూదితో గిల్లుకుని నిజంగానే పుండు చేసుకొచ్చినవాళ్ళున్నారు. దొడ్డికి ముక్కినప్పుడు జిగట చుక్క పడుతోంది, ధాతువు పోతోంది అని ముఖం పాలిపోయి వచ్చేవాళ్ళు వారానికి ఇద్దరైనా ఉంటారు. అది ప్రోస్టేట్ ద్రవం, చీము కాదు. తేడా ఎలాగంటే, అది పొద్దున ముక్కకుండా దానంతటదే నిలవదు, బట్ట మీద పసుపు మరక పెట్టదు. ముందు తోలు ఎర్రబడి తెల్లపొరతో దురద పెడితే ముందు షుగరు చూపించుకోవాలి. యాభై దాటినవాళ్ళలో షుగరు జబ్బు బయటపడిన దారి ఇదే అయిన కేసులు నా దగ్గర చాలా ఉన్నాయి.

ఆర్నెల్ల తరవాత

పుండు పది రోజుల్లో మానింది. వీడీఆర్ఎల్ మూడు నెలలకి ఒకటికి ఒకటికి దిగింది, ఆరు నెలలకి నాన్ రియాక్టివ్. ఆమెకి ఏడో నెలలో చేసిన టెస్టు నెగెటివ్, కాన్పప్పటి టెస్టూ నెగెటివ్. ఆడపిల్ల. పిల్లల డాక్టరు చూసి బాగుందన్నారు.

అతను చివరిసారి వచ్చినప్పుడు చేతిలో ఇంకో రిపోర్టు. కువైట్ వీసా కోసం మెడికల్ చేయించుకోబోతున్నాడట, ముందే జాగ్రత్తగా సొంతంగా టీపీహెచ్ఏ చేయించుకున్నాడు. పాజిటివ్. "జబ్బు తగ్గలేదా సార్?"

తగ్గింది. టీపీహెచ్ఏ మాత్రం చాలామందికి జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. అది మచ్చ లాంటిది, గాయం కాదు. తగ్గిందీ లేనిదీ చెప్పేది వీడీఆర్ఎల్ అంకె. లెటర్‌హెడ్ మీద మందు వేసిన తేదీ, డోసు, వరసగా మూడు వీడీఆర్ఎల్ అంకెలు రాసి, చికిత్స పూర్తయిందని సంతకం పెట్టి సీలు వేసిచ్చాను. మెడికల్ వాళ్ళు దాన్ని ఒప్పుకుంటారో లేదో నా చేతిలో లేదన్నాను. నాలుగు మడతలు పెట్టి పర్సులో ఆధార్ కార్డు వెనక దోపుకున్నాడు. ఆ పర్సులోనే, ఇంకో అరలో, పాప ఫోటో ఉంది.